గంటన్నర ముందున్న కెనడా

కెనడా మనకంటే గంటన్నర ముందుందని మా జయరావు రెండు నెలలపాటు ఊరంతా చెప్పాడు. ఊరు నమ్మింది. పాల కేంద్రానికి రోజూ రెండు పూటలా పాలు పోసే నలభై ఇళ్లవాళ్లలో ఒక్కరికీ అనుమానం రాలేదు. గోడమీద సాక్ష్యం ఉంది మరి. ఒకటి మన గడియారం, దాని పక్కనే ఇంకొకటి. మనది ఒంటిగంట చూపిస్తే అది రెండున్నర చూపిస్తుంది. అబద్ధం చెప్పడానికి గడియారానికి ఏం అవసరం?

జయరావుది పలమనేరు పక్క పల్లె. పాల కేంద్రంలో పాలు కొలిచి, వెన్న శాతం చూసి, కార్డులో రాసే పని. వయసు యాభైకి ఒకటి తక్కువ. మనిషి గట్టివాడు, మాట మెత్తన. తెల్లవారుజామున నాలుగింటికి లేచి సొంత ఆవులు రెండింటినీ పితికి, ఐదున్నరకల్లా కేంద్రం తలుపు తీస్తాడు. ఏడున్నర దాటాక క్యాన్లతోపాటు వ్యాన్ ఎక్కి పలమనేరు వెళ్లి, పదిన్నరకు తిరిగొస్తాడు. సాయంత్రం మళ్లీ ఐదున్నర నుంచి ఏడు. రాత్రి తొమ్మిదికల్లా మనిషి మంచం మీద ఉండాలి. లేకపోతే మరునాడు ఆవులు ఊరుకోవు. ఆదివారమని, క్రిస్మస్ అని వాటికి తెలియదు కదా. చర్చిలో పాట మధ్యలో కూర్చున్నచోటే కునుకు తీసే హక్కు ఆ ఊళ్లో ఆయనొక్కడికే ఉంది. పాస్టర్ ఇమ్మానుయేల్ కూడా చూసీ చూడనట్టు పోతాడు.

భార్య స్టెల్లా పోయి ఆరేళ్లు. ఒక్కతే కూతురు గ్రేసీ. నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని, నా పేరు రూపశ్రీ. గ్రేసీ నా దగ్గరే పదో తరగతి వరకు చదివింది. నా లెక్కలు తప్పని నాకే చూపించిన పిల్ల కాబట్టి కొంచెం కోపం, చాలా ఇష్టం. పాల శాస్త్రం డిగ్రీ చేసి, పోయిన ఆగస్టు మధ్యలో పై చదువుకు కెనడాలోని విన్నిపెగ్‌కు వెళ్లింది. వెళ్లేముందు తండ్రికి ఒక గడియారం కొని, పాల కేంద్రం గోడకు కొట్టి, అక్కడి టైముకు తిప్పి పెట్టింది. "నాయనా, దీన్ని చూసుకుంటే నేను ఏం చేస్తా ఉండానో నీకు తెలిసిపోతాది" అంది.

అక్కడే వచ్చింది చిక్కు. ముళ్ల గడియారం పగలో రాత్రో చెప్పదు.

విమానం దిగిన మొదటి వారం గ్రేసీకి నిద్ర తలకిందులైంది. అర్ధరాత్రి రెండింటికి మెలకువ వచ్చేది. అప్పుడు ఇక్కడ మధ్యాహ్నం పన్నెండున్నర. జయరావు వ్యాన్ పని ముగించి, కేంద్రంలో బల్లమీద అన్నం గిన్నె తీసే వేళ. ఒంటిగంటకు ఫోన్ చేస్తే బిడ్డ మొదటి రింగుకే ఎత్తేది. ఇద్దరికీ అదే అలవాటైంది. వారం తిరిగేసరికి పిల్లకు నిద్ర దారిలో పడింది. కానీ ఫోన్ వేళ మారలేదు. రోజూ ఒంటిగంటకు, అంటే అక్కడ రాత్రి రెండున్నరకు, అలారం పెట్టుకుని లేచి, లైటు వేసి, తల దువ్వుకుని మరీ మాట్లాడేది.

ఆమె ఉండేది ఒక ఇంటి కింద నేలమాళిగ గదిలో. కిటికీ లేదు. లైటు వేస్తే పగలు, తీస్తే రాత్రి.

"తింటివా పాపా?" అని ఈయన అడుగుతాడు. పక్క గడియారం రెండున్నర చూపిస్తోంది, అంటే బిడ్డ మధ్యాహ్నం అన్నం తినే వేళ దాటిపోయింది. "తింటి నాయనా" అని ఆ పిల్ల చెబుతుంది. ఈయన తృప్తిగా ఫోన్ పెట్టేసి పడుకుంటాడు. అటు ఆ పిల్ల పడుకున్నా నిద్ర పట్టక నాలుగు కొట్టేదాకా దొర్లి, ఆరున్నరకు లేచి, ఎనిమిదిన్నర క్లాసుకు బస్సెక్కుతుంది. చెబితే ఏం పోయేది అంటారా? నేనూ తర్వాత అదే అడిగి తిట్టాను. "అమ్మ పోయినాక నాయన ఒంటిగంటకు ఒక్కడే అన్నం తింటాడు మిస్" అంది. ఆ మాటతో నా తిట్లు ఆగిపోయాయి.

ఇదంతా నాకు తెలిసింది అక్టోబరు మధ్యలో. ఒక రోజు గ్రేసీ నాకు పెద్ద మెసేజ్ పెట్టింది. పరీక్షలో ప్రశ్న చదువుతూ నిద్రపోయిందట. ఒక సబ్జెక్టు పోయింది. క్లాసులో పంతులు చెప్పేది నీళ్లలోంచి వినపడినట్టు ఉంటోందట. "నాకు ఈ చదువు పట్టేంత బుర్ర లేదు మిస్. నవంబరు మధ్యలోపు మానుకుంటానని రాసిస్తే సరిపోతుంది. వచ్చేస్తా. నాయనకు ఎలా చెప్పాలో మీరే చెప్పండి."

గ్రేసీకి బుర్ర లేదంటే నేను చాక్‌పీసు పట్టడం మానేయాలి. నాకు ఒళ్లు మండింది. "ముందు నీ రోజు ఎలా గడుస్తుందో గంట గంటకూ రాసి పంపు" అన్నాను. పంపింది. క్లాసులు, ల్యాబు, శుక్ర శనివారాలు రాత్రి ఒంటిగంట దాకా ఒక హోటల్లో పని, అన్నీ ఉన్నాయి. రోజూ రెండున్నర నుంచి మూడు వరకు ఉన్న గడిలో 'నాయన' అని రాసి ఉంది.

మరునాడు సాయంత్రం బడి కాగానే స్కూటీ నేరుగా పాల కేంద్రం ముందు ఆపాను. పాలు పోసేవాళ్లు ఇంకా రాలేదు. జయరావు కొలత గ్లాసులు కడుగుతున్నాడు.

"జయరావన్నా, కెనడా మనకంటే ఎంత ముందు?" అని అడిగాను.

"గంటన్నర టీచరమ్మా" అన్నాడు, ఇంత చదివిన మనిషికి ఇది తెలియదా అన్నట్టు చూసి.

"ముందు కాదు. పదిన్నర గంటలు వెనక. ఆ గడియారంలో ఇప్పుడు ఆరున్నర కదా? అది సాయంత్రం ఆరున్నర కాదు, తెల్లవారి ఆరున్నర. మీ పాప ఇప్పుడే నిద్రలేస్తోంది."

ఆయన గడియారాన్ని చూశాడు. చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. ఏదో లెక్క వేసుకుంటున్నట్టు పెదవులు కదిలాయి. నేను చెప్పనక్కర్లేకపోయింది.

"అయితే ఒంటిగంటకు..." అన్నాడు. "నేను ఫోన్ జేసేది నడిరేయికా?"

"రెండున్నరకి."

"రెండు నెల్లుగానా?" అని బల్లమీద కూలబడ్డాడు. "ఆవు ఈనే దినం తప్ప నేనే ఎప్పుడూ ఆ పొద్దుకు లేసింది లేదే టీచరమ్మా. బిడ్డని రోజూ లేపి, తింటివా అని అడుగుతా ఉండానే! ఒక్క దినమన్నా సెప్పలేదే నా తల్లి!" గట్టి మనిషి కళ్లు తుడుచుకున్నాడు. నాకు చాలా బాధ అనిపించింది. చదువు మానుకునే మాట కూడా దాచకుండా చెప్పేశాను.

ఆ సాయంత్రం పాలు పోయించుకోవడం అయ్యాక ఒక పాత పాల కార్డు తిరగేసి, వెనక గీతలు గీశాను. ఒకవైపు ఆయన రోజు, ఇంకోవైపు ఆమె రోజు. ముందు ఆమె నిద్రను నల్లగా గీకేశాను. రాత్రి పదకొండు నుంచి ఉదయం ఆరున్నర, అంటే మనకు పగలు తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఐదు. దాన్ని ముట్టుకోకూడదు. ఇక మిగిలిందే వెతకాలి. మన ఉదయం ఏడూ ఎనిమిది ఆమెకు రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిదిన్నర. వేళ మంచిదే, కానీ అప్పుడు ఈయన పాలు కొలుస్తూనో, క్యాన్ల మోతలో వ్యాన్ మీదో ఉంటాడు. ఆమె సాయంత్రం క్లాసు ముగించి బస్సులో ఉంటుంది. మన రాత్రి ఎనిమిది ఆమెకు ఉదయం తొమ్మిదిన్నర. సోమవారం నుంచి శుక్రవారం దాకా క్లాసు. శనివారం తోటివాళ్లతో కలిసి చదువు. ఆదివారం ఒక్కటే ఖాళీ. శనివారం రాత్రి పనినుంచి వచ్చి రెండింటికి పడుకున్నా, తొమ్మిదింటిదాకా నిద్రపోవచ్చు. ఇటు ఈయనకు సాయంత్రం పాలు అయిపోయి, అన్నం తిని, ప్రార్థన చేసుకునే వేళ.

"ఆదివారం రాత్రి ఎనిమిది" అని కార్డుమీద పెద్దగా రాశాను.

"వారానికి ఒక దినమేనా?" అన్నాడు. ఆ గొంతు విని ఒక్క క్షణం కార్డు చింపేద్దామనిపించింది.

"మిగతా రోజులు మాట రికార్డు చేసి పంపు అన్నా. ఒంటిగంటకే చెప్పుకో. ఫోన్ మోగదు. ఆమె ఉదయం బస్సెక్కాక వింటుంది. రాత్రి పడుకునేముందు తన మాట పంపుతుంది, నువ్వు వ్యాన్ దిగి వింటావు."

ఫోన్‌లో గ్రేసీతో కూడా ఒప్పందం చేశాను. రెండు వారాలు కడుపునిండా నిద్రపోవాలి. తర్వాతే ఉండాలో రావాలో తేల్చుకోవాలి. నవంబరు రెండో తేదీ ఆదివారం కాల్‌లో తండ్రికి తనే చెప్పాలి. అంతవరకు ఎవరూ ఆ మాట ఎత్తకూడదు.

మొదటి ఆదివారం జయరావు ఏడున్నరకే చొక్కా మార్చుకుని కూర్చున్నాడట. అరగంట అనుకున్నది గంట నడిచింది. చివర్లో ఇద్దరూ కలిసి ప్రార్థన చేశారు. అంతకుముందు ఒంటిగంట ఫోన్లలో తిన్నావా, తిన్నాను, జాగ్రత్త తప్ప ఏమీ ఉండేది కాదు. ఇప్పుడు వారమంతా దాచుకున్న కబుర్లు. నల్లావుకు పొదుగు వాపు, ఏకాంబరం పాలలో నీళ్లు, ఆమె ల్యాబులో పెరుగు తోడుకోకపోవడం. రెండో ఆదివారం ఆమె నవ్విందని, ఆ నవ్వు ఎలా ఉందో చెప్పడానికి నన్ను దారిలో ఆపాడు.

ఇక ఆ రెండో తేదీ.

రెండు రోజుల ముందు గ్రేసీ నాకు మెసేజ్ పెట్టింది. "మిస్, ఈ శనివారం అర్ధరాత్రి దాటాక ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. చలికాలం టైము. నాకైతే ఎప్పటిలాగే తొమ్మిదిన్నర. నాయనకు టైము మారుతుంది, చెప్పండి." నేను పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. గంట వెనక్కి అంటే ఎనిమిదిలోంచి ఒకటి తీసేస్తే ఏడు. ఇందులో లెక్కేముంది? ఫోన్ చేసి చెప్పేశాను. "అన్నా, ఈ వారం గంట వెనక్కి. ఏడింటికే ఫోన్ చెయ్యి." నన్ను నమ్మకపోవడానికి ఆయనకు కారణమేముంది, లెక్కల టీచర్ని కదా!

ఆ ఆదివారం ఆయన కేంద్రం పది నిమిషాలు ముందే మూసి ఏడింటికి ఫోన్ చేశాడు. మోగింది, ఎత్తలేదు. ఏడుంబావుకు చేశాడు. ఏడున్నరకు చేశాడు. ఎనిమిదయింది. తేల్చి చెబుతానన్న రోజు అది. మొదట బిడ్డ చెప్పలేక ఎత్తడం లేదనుకున్నాడు. తర్వాత రాత్రి పనినుంచి ఇంటికి చేరిందో లేదో అనుకున్నాడు. ఆ తర్వాత ఏమనుకున్నాడో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. పద్నాలుగు సార్లు చేశాడు. ఎనిమిదీ నలభైకి స్వెటరు తొడిగి, కోతిటోపీ పెట్టి, బండి తీసి పలమనేరులో మా ఇంటికి బయల్దేరాడు.

తలుపు తీసేసరికి ఆయన గుమ్మంలో ఉన్నాడు. చలిలో బండిమీద వచ్చిన మనిషికి చెమట పట్టి ఉంది.

"పాప ఎత్తలేదు టీచరమ్మా. పద్నాలుగు తూర్లు జేసినా. ఆడ మీకు తెలిసినోళ్లు యారన్నా ఉండారా?"

నేను నోరు తెరిచేలోపు నా చేతిలో ఫోన్ మోగింది. గ్రేసీ.

"మిస్, నాయనకు ఏమైంది?" పిల్ల ఏడుస్తోంది. "పద్నాలుగు సార్లు చేసినాడు. ఇప్పుడే లేచి చూసినా. తిరిగి చేస్తే ఎత్తడంలేదు. మిస్, నేను వచ్చేస్తా, రేపే వచ్చేస్తా, నాకు ఈ చదువొద్దు!"

"మీ నాయన నా ముందే ఉన్నాడు. గుండులా ఉన్నాడు" అన్నాను. ఆయన స్వెటరు లోపల చొక్కా జేబులో ఫోన్ దారిలోనే మోగి మోగి ఆగినట్టుంది. బండి చప్పుడులో, కోతిటోపీ కింద ఏం వినపడుతుంది? "గ్రేసీ, నీకు ఇప్పుడు టైమెంత?"

"తొమ్మిదీ ఇరవై మూడు మిస్. తొమ్మిదిన్నరకే కదా కాల్?"

గోడ గడియారం చూశాను. ఎనిమిదీ యాభై మూడు. అప్పుడు వెలిగింది నాకు. వాళ్ల గడియారం వెనక్కి పోతే వాళ్ల తొమ్మిదిన్నర మనకు ఆలస్యంగా వస్తుంది, త్వరగా కాదు. ఎనిమిది కాస్తా తొమ్మిది కావాలి. నేను దాన్ని ఏడు చేశాను. రెండు గంటల తప్పు. ఆయన మొదటి కాల్ చేసినప్పుడు ఆ పిల్లకు ఉదయం ఏడున్నర. ఫోన్ మూగగా పెట్టి, నాతో చేసుకున్న ఒప్పందం ప్రకారం చక్కగా నిద్రపోతోంది. ఎనిమిదో తరగతి పిల్లనైతే ఈ తప్పుకు నేను బెంచీ ఎక్కించి ఉండేదాన్ని.

స్పీకర్ నొక్కి ఫోన్ ఆయన చేతిలో పెట్టాను.

"పాపా" అన్నాడు. అటు ఏడుపు, ఇటు ఊపిరి. ఆయనే అడిగాడు. "నిద్రపోయినావా?"

"పోయినా నాయనా."

"ఎంతసేపు?"

"ఏడు గంటలపైనే. అలారం మోగేదాకా మెలకువే రాలేదు. నువ్వు పద్నాలుగు తూర్లు చేసినా రాలేదు."

జయరావు నవ్వడం మొదలుపెట్టాడు. కళ్లలో నీళ్లు కారుతుంటే గుమ్మానికి ఆనుకుని నవ్వాడు. "పద్నాలుగు తూర్లకూ లేయలేదంట టీచరమ్మా" అని నాకే చెప్పాడు, నేను విననట్టు. "అంత గట్టిగా పండుకోనుంది నా బిడ్డ!"

ఆ రోజు తేల్చాల్సిన మాట ఆయన అడగలేదు. గ్రేసీయే చెప్పింది, ముక్కు చీదుకుని. పోయిన శుక్రవారం చిన్న పరీక్ష పెట్టారట. ఇరవైకి పదిహేడు వచ్చాయట. పంతులు చెప్పేది ఇప్పుడు వినపడుతోందట. "ఇందాక భయంతో వచ్చేస్తానని మిస్‌తో అన్నా నాయనా. ఉంటా. చదువుకుంటా."

"ఉండు" అన్నాడు. "ఉండు తల్లీ." అంతే. మా వసారాలోనే నిలబడి ఇద్దరూ ప్రార్థన చేసుకున్నారు. నేను చర్చికి వెళ్లేదాన్ని కాదు. అయినా చేతులు కట్టుకుని నిలబడ్డాను, తప్పు నాది కదా.

తర్వాత కార్డు మళ్లీ గీశాం. ఆమె తొమ్మిదిన్నరే ఉంచితే ఇక్కడ తొమ్మిది, ఈయన పడకవేళ. ఎనిమిదే ఉంచితే ఆమెకు ఎనిమిదిన్నర, నిద్ర తెగుతుంది. నేను మేలుకుంటానని ఈయన, నేను లేస్తానని ఆమె. ఇద్దరినీ కసిరి, ఆ గంటను చెరి సగం చేశాను. ఇక్కడ ఎనిమిదిన్నర, అక్కడ తొమ్మిది. మార్చిలో వాళ్లు గడియారం మళ్లీ తిప్పేదాకా ఇదే. ముందు, వెనక అనే మాటలు మా ముగ్గురి మధ్య నిషేధం. నీకు ఎన్ని గంటలు, నాకు ఎన్ని గంటలు, ఉదయమా, రాత్రా, అంతే. ఆమె ఫోన్‌లో ఇంకో మార్పు చేసింది. మిగతావన్నీ మూగపోయినా నాయన నంబరు మాత్రం మోగుతుంది. అత్యవసరమైతే తప్ప చేయవద్దని చెప్పింది. ఇంతవరకు ఆయన ఒక్కసారీ చేయలేదు.

జయరావు మరునాడే రెండో గడియారాన్ని గంట వెనక్కి తిప్పాడు. దాని అంచున చిన్న నల్ల కాగితం అంటించి, అక్కడ చీకటి వేళ అయితే కిందికి, పగలైతే పైకి మడుస్తాడు. నేను చెప్పింది కాదు, ఆయన బుర్రే.

పోయిన నెల ఏదో పనిమీద మధ్యాహ్నం ఒంటిగంటకు పాల కేంద్రానికి వెళ్లాను. ఆయన అప్పుడే ఫోన్‌లో మాట రికార్డు చేసి పంపినట్టున్నాడు, బల్లమీద కూర్చుని అన్నం గిన్నె మూత పెడుతున్నాడు. నల్ల కాగితం కిందికి మడిచి ఉంది. రెండో గడియారంలో ఒకటిన్నర. మూలన పాల డబ్బుకోసం వచ్చిన ఏకాంబరం, డబ్బు లెక్క చూసే వరదయ్యతో గొంతు పెంచి వాదులాడుతున్నాడు, వెన్న శాతం తక్కువ పడిందని.

జయరావు గిన్నె పక్కన పెట్టి, చేయెత్తి ఆపాడు.

"రవంత మెల్లగా మాట్లాడు ఏకాంబరప్పా" అన్నాడు, తను కూడా గొంతు తగ్గించి. "ఈ పొద్దులో పాప పండుకోనుంటాది."